కొత్త మందు రాస్తే పాత మందు ఆగకూడదు

రోగికి ఒకేరోజు మూడు కొత్త మందులు మొదలుపెట్టామనుకోండి. మర్నాడు ఒంటిమీద దద్దుర్లు వస్తే, ఏ మందు వల్ల వచ్చాయో చెప్పలేము. మనం మాటల్లో అడిగితే వెబ్‌సైటు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలతోనూ ఇదే చిక్కు. మొదటి పేజీ సులువుగానే వస్తుంది. తరువాతి సూచనలకు అంతవరకు బాగున్నది పాడవకుండా చూడటమే కష్టం.

గోదావరి వరదల రోజుల్లో లంక గ్రామాల వారికి పనికివస్తుందని నేనొక చిన్న పేజీ చేయించాను. పైన ధవళేశ్వరం వద్ద మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు: 11.75, 13.75, 17.75 అడుగులు. దాని కింద ఓఆర్ఎస్ లెక్క. విరేచనాలతో కొంతమేర నీరు కోల్పోయిన బిడ్డకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటల్లో తాగించాలి. 8 కిలోల బిడ్డకు 600. చివర ఒక వాక్యం: బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఆ తరువాత "పేజీ అంతా తెలుగులోకి మార్చు" అన్నాను. పేజీ చూడముచ్చటగా వచ్చింది. కానీ 8 అని రాసి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. F12 నొక్కి Console తెరిస్తే `Cannot read properties of null` అని కనిపించింది. కారణం ఇది:

```
<input id="baruvu">
document.getElementById("weight").value
```

సాధనం పెట్టె పేరునూ తెలుగు చేసింది. లెక్క మాత్రం పాత పేరుతోనే వెతుకుతోంది.

ఇటువంటప్పుడు "బటన్ పనిచేయడం లేదు, బాగుచేయి" అనాలనిపిస్తుంది. అలా అంటే అది లెక్కనంతా తిరగరాయవచ్చు, ఆ సందడిలో 75 మరొకటి కావచ్చు. అందుకే దాచుకున్న పాత ప్రతికి వెనక్కి వెళ్లి, సూచననే ఇరుకు చేశాను: "తెరపై కనిపించే మాటలు మాత్రమే తెలుగులోకి మార్చు. id పేర్లు, లెక్క ముట్టుకోవద్దు." ఈసారి లెక్క చెక్కుచెదరలేదు.

పాత ప్రతి ఉండాలంటే, పేజీ బాగా పనిచేసిన ప్రతిసారీ `git commit` చేయండి. అది రాకపోతే ఫోల్డరుకు తేదీ వేసి నకలు తీసుకోండి. `git diff` అని కొడితే తీసేసిన వరుసలకు ముందు − గుర్తు, చేర్చిన వాటికి + గుర్తు కనిపిస్తాయి. "ఫోనులో అక్షరాలు పెద్దవి చేయి" అన్న సూచన తరువాత అలా చూస్తే, 108 వాక్యం ముందు − గుర్తు ఉంది! చోటు కోసం దాన్ని తీసేసింది. పేజీని చూస్తే ఆ లోటు తెలియదు. ఉన్న తప్పును పట్టే కన్ను లేనిదాన్ని పట్టదు.

కనుక ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను: 8 వేస్తే 600, 12 వేస్తే 900, ఖాళీగా వదిలితే "బరువు రాయండి", 108 వాక్యం, మూడు మట్టాలు. ప్రతి సూచన తరువాత ఇవన్నీ నా చేతులతోనే చూస్తాను. "అంతా సరిగా ఉందా?" అని సాధనాన్నే అడిగితే, ఉందనే అంటుంది; ఆ జవాబును నేను లెక్కలోకి తీసుకోను. సంభాషణ పొడవైన కొద్దీ మొదట చెప్పిన నియమాలు జారిపోతుంటాయి. అందుచేత ముట్టుకోకూడనివన్నీ ఒక చిన్న ఫైలులో రాసి, కొత్త సంభాషణ మొదలుపెట్టగానే ముందు దాన్ని ఇస్తున్నాను.