మీ ఊరు ఏ స్టేషన్ కిందకొస్తుంది?

సివిల్స్ కోచింగ్‌కని ఢిల్లీ వెళ్లే మన పిల్లలు చాలామంది ఓల్డ్ రాజేందర్ నగర్‌లోనే గది వెతుక్కుంటారు. గది కుదిరిన రోజే ఇంటి ఓనరు ఆధార్ జిరాక్సు, ఫోటోలు తీసుకుంటాడు. దేనికని అడిగితే పోలీస్ వెరిఫికేషన్‌కి అంటాడు. ఆ కాగితాలు ఠాణాకు చేరాయా, ఓనరు సొరుగులోనే ఉండిపోయాయా అని ఆ తర్వాత అడిగేవాళ్లు తక్కువ. అడిగి తీరాలి.

నిజానికి బాధ్యత ఓనరుదే. కిరాయిదారు వివరాలు స్థానిక ఠాణాకు ఇవ్వకుండా ఇల్లు అద్దెకివ్వకూడదని ఢిల్లీ పోలీసులు ఉత్తర్వులు ఇస్తుంటారు. ఒకప్పుడు 144 సెక్షన్ కింద ఇచ్చేవారు. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163 ఆ స్థానంలోకి వచ్చింది. అలాంటి ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి నిలవదు కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ జారీ చేస్తారు. మీరితే కేసు పడేది ఓనరు మీదే. న్యాయ సంహిత 223 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ బీట్ కానిస్టేబుల్ వచ్చి తలుపు కొడితే తీసేది గదిలో ఉన్న పిల్లే కదా! సమాధానం చెప్పుకోవాల్సిందీ ఆ పిల్లే. అందుకే ఫారం దాఖలైనట్టు రసీదు కాపీ మన దగ్గర ఉండాలి.

మా మేనకోడలు వెళ్లినప్పుడు నేను పక్కన కూర్చుని ఆ ఫారం నింపించాను. ఠాణాలో కాగితం మీద ఇవ్వొచ్చు, ఢిల్లీ పోలీసుల వెబ్‌సైట్‌లోనూ ఇవ్వొచ్చు. రుసుమేమీ లేదు. ఓనరు వివరాలు కొన్ని, కిరాయిదారు వివరాలు కొన్ని, అంతే. చూడ్డానికి చిన్న పనే గాని, మన తెలుగువాళ్లకు మూడుచోట్ల చిక్కు వస్తుంది.

మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, అక్కడ చివర. ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు ఉంటే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాం. ఆధార్‌లో ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే రాయడం క్షేమం.

రెండోది అక్కడి ఠాణా. కరోల్‌బాగ్ మెట్రోలో దిగుతారు, ఇంటికి ఫోన్ చేసి కరోల్‌బాగ్‌లో ఉన్నామనే చెబుతారు. ఫారంలోనూ అదే రాస్తే కాగితం పక్క ఠాణాకు పోతుంది. కరోల్‌బాగ్, రాజేందర్ నగర్, పటేల్ నగర్ దేనికది వేరే ఠాణా. మన వీధి దేని కిందకొస్తుందో ఓనరును అడగాలి, బ్రోకర్‌ను కాదు.

మూడోదే అసలు చిక్కు: స్వస్థలం గడి. ఊరి పేరు రాస్తే చాలదు, ఆ ఊరు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో చెప్పాలి. విచారణ కాగితం పోవాల్సింది అక్కడికే. మా వాళ్లది వీరఘట్టం మండలం. అమ్మాయి ఆధార్‌లో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ మండలం పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత జిల్లా పేరుతో పంపితే కాగితం శ్రీకాకుళం వెళ్లి అక్కడ తమది కాదనిపించుకుంటుంది. కొత్త జిల్లా, వీరఘట్టం స్టేషన్ రాయించి, చిరునామా వరసలో పూర్వపు శ్రీకాకుళం జిల్లా అని కూడా చేర్పించాను. ఆధార్‌తో పోల్చి చూసేవాళ్లకు అనుమానం రాదు. తెలంగాణలో 2016లో జిల్లాలు విడిపోయిన ఊళ్ల వాళ్లకూ ఇదే జాగ్రత్త కావాలి.

ఆ రాత్రే మా అక్కకు ఫోన్ చేసి చెప్పాను. స్టేషన్ నుంచి ఎవరైనా వచ్చినా, ఫోన్ చేసినా కంగారు పడొద్దనీ, అమ్మాయి ఢిల్లీలో చదువుకుంటోందని ఉన్నమాట చెబితే సరిపోతుందనీ. ముందుగా చెప్పకపోతే ఆడపిల్ల గురించి పోలీసు వాకబు చేశాడని వీధంతా గుప్పుమంటుంది. తల్లి భయపడి "మాకు తెలీదు బాబూ" అనేసిందంటే వివరాలు సరిపోలేదని రాసుకుపోతారు. అప్పుడు ఢిల్లీలో మళ్లీ ఠాణా చుట్టూ తిరగాలి.

ఈ వెరిఫికేషన్ రసీదు ప్రవర్తన ధ్రువపత్రం కాదు, అద్దె ఒప్పందమూ కాదు. ఓనరు ఖాళీ చెయ్యమంటే ఈ రసీదు అడ్డుపడదు. ఒప్పందం విడిగా రాయించుకోవాల్సిందే.

గదిలోకి కొత్తగా ఇంకో అమ్మాయి చేరితే ఆమె వివరాలు వేరుగా ఇవ్వాలి. గది మారి పటేల్ నగర్ వెళితే ఠాణా కూడా మారుతుంది, ఫారం మళ్లీ మొదటినుంచి నింపాలి. వీరఘట్టం గడి మాత్రం పాత కాపీ చూసి అలాగే ఎక్కించుకోవచ్చు.