పాత కారు తుక్కుకిస్తే ఎంత మిగిలింది?

మా పాత మారుతి 800ని తుక్కుకిచ్చి కొత్త కారు తీసుకున్నామని తెలిసినప్పటి నుంచి చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "అరవై వేలు తగ్గించారంట కదా, నిజమేనా?" నిజం కాదు. అలాగని అబద్ధమూ కాదు. మా ఇంటి లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ అరవై వేలు ఎక్కడి నుంచి వచ్చాయో, అందులో ఎన్ని ఎగిరిపోయాయో వివరంగా రాస్తున్నాను.

మా కారు 2007లో కొన్నది. అప్పుడు మా బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉండేది కాబట్టి దాని నంబరు ఏపీ 20. పదిహేనేళ్లు నిండాక 2022లో ఫిట్‌నెస్ చూపించి ఇంకో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. పదిహేనేళ్లు దాటిన కారును తప్పనిసరిగా తుక్కుకివ్వాలని మా వీధిలో చాలామంది అనుకుంటున్నారు. మన దగ్గర అలాంటి నియమం లేదు. ఫిట్‌నెస్ ఉంటే నడుపుకోవచ్చు. తుక్కుకివ్వడం మన ఇష్టం. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే షోరూంలో ఎవరూ మనల్ని భయపెట్టి తొందరపెట్టలేరు.

2024 ఆగస్టు చివర్లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీతో జరిగిన సమావేశంలో కార్ల కంపెనీలు ఒక మాటకు ఒప్పుకున్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గత ఆరు నెలల్లో పాత బండిని తుక్కుకిచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే, కొత్త కారు ఎక్స్ షోరూం ధరలో 1.5 శాతం గానీ 20,000 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది తగ్గిస్తామన్నాయి. కార్లకు ఇది ఏడాది పాటని చెప్పారు. ఆ ఏడాది అయిపోయింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు ఏ కంపెనీ ఎంత ఇస్తోందో కొత్తగా అడగాల్సిందే. అదే ఏడాది అక్టోబరులో మన తెలంగాణ ప్రభుత్వం కూడా తుక్కు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కొత్త బండి లైఫ్ ట్యాక్స్‌లో కొంత తగ్గింపు ప్రకటించింది. మేం కొన్నది ఆ కార్తీక మాసంలోనే.

అందరి చెవిలోనూ పడేది "ఇరవై వేలు" అన్న మాటే. "ఏది తక్కువైతే అది" అన్న ముక్క ఎవరికీ వినపడదు. మేం చూసిన కారు ఎక్స్ షోరూం ధర 6,40,000. అందులో 1.5 శాతం అంటే 9,600 మాత్రమే. ఇరవై వేలు పూర్తిగా రావాలంటే పదమూడు లక్షలు దాటిన కారు కొనాలి. మధ్యతరగతి ఇళ్లలో కొనే చిన్న కార్లకు ఆ అంకె పోస్టరు మీద చూసుకోవడానికే.

వరంగల్‌లో ఒక షోరూంకి వెళ్తే అక్కడి అబ్బాయి కాగితం మీద చకచకా రాసి "మేడం, మీకు మొత్తం 62,600 లాభం" అని చూపించాడు. నగదు తగ్గింపు 15,000, తుక్కు బోనస్ 9,600, పాత కారు ఇనుము ధర 18,000, ట్యాక్స్ తగ్గింపు 20,000. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను. "బాబూ, మా దగ్గర పాత కారే లేదనుకో. అప్పుడు ఇదే కారు ఎంతకిస్తావు?"

కాస్త తటపటాయించి, నగదు తగ్గింపు 15,000 అందరికీ ఉందన్నాడు. అంటే అది తుక్కు వల్ల వచ్చింది కాదు. ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లకు కూడా వచ్చేదే. అది తీసేస్తే మిగిలింది 47,600.

తర్వాత ఇనుము ధర. ఆ 18,000 షోరూం ఇచ్చేది కాదు, తుక్కు కేంద్రం నేరుగా మన బ్యాంకు ఖాతాలో వేసేది. మన బండి ఇనుము మనం అమ్ముకుంటే వచ్చిన డబ్బుని వాళ్లు తమ తగ్గింపుల్లో కలిపి చూపించారు. పైగా కేంద్రం హైదరాబాద్ వైపు ఉంది. బయ్యారం నుంచి బండిని లారీ మీద తీసుకెళ్లడానికి 4,500 అవుతుందని ఆ కేంద్రంవాళ్లే ఫోన్‌లో చెప్పారు. ఆ సంగతి షోరూం కాగితంలో లేదు. తుక్కు సర్టిఫికెట్ ఉంటే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు 600 మాఫీ, అది కూడా కాగితంలో లేదు. మన వైపు వచ్చేది కాబట్టి వాళ్లకు గుర్తు రాలేదేమో! ఖర్చు తీసేసి, మాఫీ కలిపితే తుక్కు వల్ల మాకు నిజంగా వచ్చేది 43,700.

కారు బరువు ఆరు వందల యాభై కిలోల దాకా ఉంటుంది కాబట్టి అంత బరువుకూ ఇనుము ధర కడతారనుకున్నారు మా మామయ్య. కట్టరు. అద్దాలు, రబ్బరు, సీట్లు, నూనెలు పోగా మిగిలేదానికే లెక్క. బ్యాటరీనో టైర్లో ముందే తీసి అమ్ముకుంటే ధర ఇంకా కోస్తారు. "ఇనుపరాళ్ల ఊర్ల పుట్టి ఇనుము కిలోల్లెక్కన అమ్ముకుంటున్నం బిడ్డా" అని ఆయన నవ్వారు. మా ఊరి ఇనుప ఖనిజం గురించి, రాష్ట్ర విభజన నాటి ఉక్కు ఫ్యాక్టరీ మాట గురించి మొదలుపెడితే మామయ్యకు పూట సరిపోదు. అందుకే అక్కడితో ఆపేశాను.

ఇప్పుడు అసలు పోలిక. తుక్కుకివ్వకుండా అదే షోరూంలో ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే? మా కారుకు 30,000 కడతామన్నారు, ఎక్స్ఛేంజ్ బోనస్ 15,000. మొత్తం 45,000. తుక్కు కంటే 1,300 ఎక్కువే! ఎక్స్ఛేంజ్ బోనస్, తుక్కు బోనస్ రెండూ కలిపి తీసుకుందామంటే కుదరదు. తుక్కుకిస్తే తుక్కు బోనస్ ఒక్కటే అని కంపెనీలు ఒప్పుకున్నప్పుడే రాసుకున్నాయి. రెండూ ఇప్పిస్తామని ఎవరైనా అంటే, ఆ మాట కొటేషన్ మీద రాసి స్టాంపు వేయమనండి.

45,000 వైపే మొగ్గేవాళ్లమే. కానీ మా ఆయన తమ్ముడు ఒక మాట చెప్పాడు. తెలంగాణలో ఒకరి పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉండగా రెండోది కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనంగా పడుతుంది. మా పాత కారు మా ఆయన పేరు మీదే ఉంది. కొత్తదీ ఆయన పేరు మీదే. 6,40,000కి 2 శాతం అంటే 12,800. షోరూంకి ఫోన్ చేసి, ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే పాత కారు ఆర్‌సీ ఎప్పుడు పేరు మారుతుందని అడిగాను. "మాకు కొనేవాళ్లు దొరికాక మారుస్తాం మేడం, రెండు మూడు నెలలు పట్టొచ్చు" అన్నారు. అంటే కొత్త కారు రిజిస్టర్ అయ్యే రోజుకి పాతది ఇంకా మా ఆయన పేరు మీదే ఉంటుంది. 12,800 కట్టాలి. అప్పుడు ఎక్స్ఛేంజ్ లాభం 32,200కి పడిపోతుంది. పైగా ఆ రెండు మూడు నెలలు ఆ బండి ఎవరి చేతిలో తిరిగినా, ఎక్కడ ఎవరిని గుద్దినా పోలీసులు వచ్చేది మా ఇంటికే.

తుక్కుకిస్తే కేంద్రం సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని బట్టి పాత ఆర్‌సీ రద్దవుతుంది. రద్దయ్యాకే కొత్త కారు రిజిస్ట్రేషన్ చేయించాం. ఈ వరస ముఖ్యం. వరస తిరగబడితే 2 శాతం పడుతుంది, తుక్కు సర్టిఫికెట్ లేకుండా ట్యాక్స్ తగ్గింపూ రాదు. మధ్యలో రెండు వారాలు కారు లేకుండా గడిపాం. అత్తమ్మను కళ్ల డాక్టరు దగ్గరికి మహబూబాబాద్‌కి ఆటోలో తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆవిడ దారి పొడవునా "నా కారు నా కారు" అంటూనే ఉంది.

మా వీధి చివర పాత సామాన్లు కొనే అతను 22,000 ఇస్తానన్నాడు, ఇంటి ముందు నుంచే తీసుకెళ్తానన్నాడు. కేంద్రం ఇచ్చే 18,000 కంటే ఎక్కువే, లారీ ఖర్చూ లేదు. కానీ అతను సర్టిఫికెట్ ఇవ్వలేడు. సర్టిఫికెట్ లేకపోతే 9,600 లేదు, 20,000 లేదు, ఆర్‌సీ రద్దు కూడా కాదు. గుర్తింపు ఉన్న కేంద్రాలేవో చూసుకోవడానికి కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ ఉంది, vscrap.parivahan.gov.in. షోరూంవాళ్లు చెప్పిన కేంద్రం పేరు అందులో ఉందో లేదో చూశాకే బండి ఇచ్చాం. ఆర్‌సీ, ఆధార్, పాన్, బ్యాంకు చెక్కు అడిగారు. బండి మీద అప్పు బాకీ ఉంటే తీసుకోరు.

ఇంకొక్క సంగతి. షోరూం ఇచ్చిన మొదటి కాగితాన్ని ఖాళీ చేతుల ధర కాగితం పక్కన పెట్టి చూస్తే, తుక్కు స్కీం కాగితంలో మాత్రం 12,000 రూపాయల సీటు కవర్లు, మ్యాట్లు కలిపి ఉన్నాయి. ఇన్సూరెన్స్ కూడా కాస్త ఎక్కువ వేశారు. అందుకే మూడు కాగితాలూ ఒకే రోజు, ఒకే మోడల్, ఒకే ఇన్సూరెన్స్‌తో, అదనపు సామాన్లు లేకుండా రాయించుకున్నాను. పాత కారు లేకుండా ఒకటి, ఎక్స్ఛేంజ్‌తో ఒకటి, తుక్కుతో ఒకటి. పైన ఉన్న తగ్గింపుల వరసలు చూడలేదు. కింద, బండి రోడ్డెక్కడానికి మన జేబులోంచి పోయే మొత్తం మాత్రమే చూశాను.

మొన్న మా పక్కింటి వదిన తన కారు కూడా తుక్కుకిచ్చేద్దామా అని అడిగింది. అది పదేళ్ల కారు, నడుస్తోంది, ఇంజనుకి ఏమీ కాలేదు. బయట అడిగితే లక్షా ఎనభై వేలు అంటున్నారట. తుక్కుకిస్తే ఇనుము ధర, బోనస్, ట్యాక్స్ అన్నీ కలిపినా అందులో మూడో వంతు రాదు. ఆమె ఎవరికైనా అమ్మేసి, ఆర్‌సీ పేరు మారాకే కొత్తది రిజిస్టర్ చేయించుకోమని చెప్పాను. వచ్చే వారం మహబూబాబాద్ ఆర్టీఓ ఆఫీసుకి ఆ పని మీదే వెళ్తోంది, నన్నూ తోడు రమ్మంది.