ఆఫీసుకి రమ్మనే ఉత్తరం

మా అమ్మాయి 2020 మార్చిలో లాప్‌టాప్ సంచీతో అన్నవరం వచ్చింది. రెండు వారాలే అంది, ఏళ్లు గడిచిపోయాయి. కొండ మీద పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో బాజాల హోరు వినపడకుండా తలుపులన్నీ బిగించుకుని మీటింగులు చేసేది.

ఓ జనవరి రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. "అందరూ ఆఫీసుకి రావాలిటమ్మా. మా టీములో పదకొండు మందికీ నేనే ఉత్తరం రాయాలి" అంది. ఇంగ్లీషులో రాసుకున్నది తెలుగులో చదివి వినిపించింది: "సంస్థ ప్రయోజనాల దృష్ట్యా ఈ వెసులుబాటు ఉపసంహరించబడుతున్నది."

నేను చదివింది తెలుగు బీఏ. ఆ 'బడు' దగ్గరే ఆగాను. "ఎవరే ఉపసంహరిస్తున్నది? ఎందుకు?" అన్నాను.

కాస్త ఆలోచించి అసలు సంగతి చెప్పింది. కిందటేడు చేరిన ఇద్దరు పిల్లలకి పని పట్టుబడటం లేదుట. పక్క కుర్చీలో ఉంటే అయిదు నిమిషాల్లో తీరే సందేహాన్ని, మెసేజ్ పెట్టడానికి మొహమాటపడి పూటంతా మోస్తున్నారుట. "అయితే అదే రాయి. పాతవాళ్లు ఇంట్లో బద్ధకించారని అనుకోకుండా, వాళ్ల పని బాగానే ఉందని కూడా రాయి" అన్నాను.

తర్వాత తేదీ. పైవాళ్లు మార్చి ఒకటి అన్నారు. అప్పటికి పిల్లల పరీక్షలు కూడా అవ్వవు. 2024 సెప్టెంబరు 16న అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ రాసిన ఉత్తరం చూపించింది. వారానికి అయిదు రోజులూ రమ్మన్నా, సర్దుకోవడానికి 2025 జనవరి 2 దాకా గడువిచ్చాడు. ఇది కూడా పైవాళ్లతో మాట్లాడి, బడిపిల్లలున్న వాళ్లకి జూన్ దాకా, మిగతావాళ్లకి ఏప్రిల్ దాకా గడువు తెచ్చింది. ఎవరికి ఎంతో, ఎందుకో ఉత్తరంలోనే రాసేసింది. చాటున ఇస్తే తెలిసిన రోజున మనసులు విరుగుతాయి కదా.

టీములో ఒకబ్బాయి తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ కుర్రాడికి ఉత్తరం కంటే ముందే ఫోన్ చేసింది. 'చూద్దాం' అని ఊరించకుండా, "అడుగుతాను, అవునన్నా కాదన్నా శుక్రవారం లోపల చెప్తాను" అంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, అదీ ఆరునెలలే ఒప్పుకున్నారు. అతను వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. ఎంత బాగా రాసినా కొందరి ఇబ్బంది ఉత్తరంతో తీరేది కాదు.

ఆఖరి వాక్యం మాత్రం నాకు ముందుగా వినిపించలేదు. పంపేశాక చదివింది. "నేనూ ఏప్రిల్లో మా అమ్మావాళ్లని వదిలి వస్తున్నాను."

అది వెళ్లి చాలా రోజులైంది. పదకొండింటికి కుక్కర్ పెట్టబోతూ, మీటింగులో విజిల్ వినపడుతుందేమోనని ఇప్పటికీ ఓ క్షణం ఆగుతాను.