మెంతుల గ్లాసు

పక్కింటావిడ చెప్పిందని మా అత్తయ్యగారు రాత్రి చెంచాడు మెంతులు నానేసి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగి గింజలు నమిలేవారు. షుగరుకి మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆ శుక్రవారం మెంతులయ్యాయి, గ్లిమెపిరైడ్ మాత్రా అయింది. పూజ మాత్రం తెమల్లేదు. తొమ్మిదిన్నరకి "చేతులు వణుకుతున్నాయే" అంటూ పీట మీదే చతికిలబడ్డారు. ఒళ్ళంతా చెమట. మిషన్‌తో చూస్తే 58! మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకి 84 అయ్యాక ఇడ్లీ పెట్టాను.

డాక్టరుగారు మెంతుల్ని తిట్టలేదు. మాత్ర వేసుకుని టిఫిను ఆలస్యం చేయడమే అసలు తప్పట, మెంతులు దానికి తోడై ఉండొచ్చట. వాటి జిగురు పీచు, తిన్నదాంట్లోని చక్కెర రక్తంలోకి చేరడాన్ని నెమ్మది చేస్తుంది. అందుకే తిండితో పాటు తీసుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1990లో ప్రచురించిన ప్రయోగంలో నూనె తీసిన మెంతిపొడి రోజుకి 100 గ్రాములు, రెండు పూటలా భోజనంలో పెట్టారు. చక్కెర తగ్గింది. కాకపోతే అది పది రోజులు, కొద్దిమంది మీద. మన చెంచాకి పట్టేది నాలుగైదు గ్రాములే! దాన్ని నమ్ముకుని మాత్ర మానేస్తే ఎలా?

ఇన్సులిన్ గానీ, రక్తం పలచబడే వార్ఫరిన్ గానీ వాడేవాళ్ళు ముందు డాక్టరుకి చెప్పాలి. వేరుశెనగ పడనివాళ్ళకి మెంతులూ పడకపోవచ్చు. గర్భిణులకి పోపులో వేసేవి చాలు.

ఇప్పుడు అత్తయ్యగారి మెంతులు ఇడ్లీ పళ్ళెంతోనే వస్తాయి. పూజ ఆ తర్వాతే. దానికి ఒప్పించడానికి నాకు వారం పట్టింది.