రాజీనామా వెనక్కి తీసుకోవాలంటే మాట చాలదు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉంటూ, ఉద్యోగం వదిలి సివిల్స్‌కు కూర్చోవాలనుకునేవారికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. రాజీనామా ఇచ్చారు. ఆఫీసరు పిలిచి "మళ్ళీ ఆలోచించండి" అన్నారు. మర్నాడు డ్యూటీకి వెళ్తే సరిపోతుందా?

2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కొంకణ్ రైల్వే కేసు చూడండి. 1990 నుంచి పనిచేస్తున్న ఉద్యోగి 2013 డిసెంబరులో రాజీనామా ఇచ్చారు. 2014 ఏప్రిల్‌లోనే ఆమోదించామని సంస్థ వాదించింది. కానీ గైర్హాజరైన ఆయనను అదే సంస్థ డ్యూటీకి రమ్మంది. మే 19న వెళ్ళారు, మే 26న రాజీనామాను రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నారు. అయినా జులై 1 నుంచి రిలీవ్ చేశారు.

ఆమోద పత్రం ఆఫీసు లోపలి ఉత్తరమేననీ, అది ఆయనకు అందినట్టు ఆధారం లేదనీ కోర్టు చెప్పింది. డ్యూటీకి పిలవడమే రాజీనామా ఖరారు కాలేదనడానికి గుర్తు. ఆమోదానికి ముందే ఉపసంహరించుకున్నారు కాబట్టి ఉద్యోగం తిరిగి వచ్చింది. అయితే పనిలో లేని కాలానికి సగం జీతమే దక్కింది.

డ్యూటీకి వెళ్ళడం ఆయనకు ఆధారమైంది. హక్కును నిలబెట్టింది మాత్రం మే 26 నాటి కాగితం. మీరైతే రాజీనామా తేదీ చూపి, షరతుల్లేకుండా ఉపసంహరిస్తున్నానని రాయండి. నకలుపై తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. ఉపసంహరణను అంగీకరించినట్టు రాతలో జవాబు అడగండి. ఆమోదం మీకు అందాక రాస్తే ఈ తీర్పు మీకు అండగా నిలవదు.