చిన్నమ్మకి శుభ్రత లేదన్నారు

చిన్నమ్మ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. "నా పేరు మాత్రం వద్దు పాపా, జబ్బు పేరు రాయి" అంది.

ఆమెకి నలభై నాలుగేళ్లు. కళ్యాణదుర్గం వైపు పల్లె, మా మాదిగవాడ. శెనక్కాయల పనికి, ఉపాధి పనికి పోతుంది. పోయిన ఏడాదిన్నరలో ఆరుసార్లు తెల్లబట్ట అయింది. పెరుగు విరిగినట్టు తెల్లగా, గట్టిగా, పెద్దగా వాసన లేకుండా. దురద ఎంతంటే కళ్లెంలో కూచుని కాయలు వలవలేక లేచి నిలబడేది. ఒంటికి పోసుకుంటే మంట. ఊళ్లో ఆర్ఎంపీ ప్రతిసారీ ఒక ఫ్లుకోనజోల్ 150 మాత్ర ఇచ్చేవాడు. మూడు రోజుల్లో తగ్గేది, నెలన్నరకి మళ్లీ వచ్చేది.

ఒకసారి టౌన్లో ఒక ఆసుపత్రికి పోయింది. అక్కడ పరీక్ష చేయకుండానే వాడ పేరు అడిగి, "మీకు శుభ్రత ఉండదు, అందుకే" అన్నారంట. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి రోజుకి రెండుసార్లు సబ్బుతో, తర్వాత డెటాల్ నీళ్లతో లోపలిదాకా కడుక్కోవడం మొదలుపెట్టింది. మూడు రోజులకోసారి కుళాయి వచ్చే ఊళ్లో, బిందె నీళ్లు దానికే పోసింది. చర్మం పచ్చిపుండయింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే రెండు రోజులు హాయిగా ఉండి, వారానికి ఇంకా ఎక్కువైంది. నేను ఆ ట్యూబు తిప్పి చదివితే క్లోబెటసాల్ అని ఉంది. అది స్టెరాయిడ్. మంటని అణుస్తుంది, దాని చాటున ఫంగస్‌ని పెరగనిస్తుంది.

మామకి అనుమానం వేరే. దీన్ని లైంగిక సంబంధంతో అంటే జబ్బుగా లెక్కించరని ఆయనకి ఎవరు చెప్పాలి? ప్రబంధాల్లో స్త్రీ శరీర వర్ణనలు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకే, మామ ముందు ఈ మాట తేవడానికి నోరు రాలేదు.

చివరికి నేనే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయా. ఆమె దూదిపుల్లతో నమూనా తీసి సూక్ష్మదర్శిని కింద చూపించమంది. ఈస్టు ఉంది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి ఎన్నిసార్లు లేస్తావమ్మా?" నాలుగుసార్లు. దాహం? "ఎండకాలం కదమ్మా, ఎవురికి ఉండదు?" అంది చిన్నమ్మ. ఇక్కడే మా సీమ మోసం చేస్తుంది. ఏప్రిల్లో అనంతపురంలో దాహం, నీరసం, బరువు తగ్గడం ఎవరికీ జబ్బులా కనబడవు. పైగా చీకట్లో బయటికి పోవాల్సి వస్తుందని ఆమె సాయంత్రం నుంచి నీళ్లే తాగడం మానేసింది.

"షుగర్ ఎప్పుడు చూపించుకున్నావ్?" ఎప్పుడూ లేదు.

పరగడుపున 212. హెచ్‌బిఎ1సి 10.4. పరగడుపున 126 దాటినా, హెచ్‌బిఎ1సి 6.5 దాటినా షుగర్ జబ్బు కిందే లెక్క. లక్షణాలు లేనివాళ్లకి ఒక్క అంకెతో తేల్చరు, ఇంకోసారి చూస్తారు. చిన్నమ్మకి రెండు అంకెలూ దాటేశాయి.

డాక్టరమ్మ చెప్పింది నాకర్థమైనట్టు చెప్తా. ఈ ఈస్టు చాలామంది ఆడవాళ్ల ఒంట్లో కొద్దిగా ఊరకే ఉంటుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ తడిలో, యోని స్రావాల్లో చక్కెర పెరిగితే ఈస్టుకి రోజూ విందే. దాన్ని అదుపులో పెట్టాల్సిన తెల్లకణాలు అదే చక్కెర వల్ల మందగిస్తాయి. మాత్ర ఈస్టుని చంపుతుంది, మేతని ఆపలేదు. అందుకే ఆరుసార్లు.

అన్ని తెల్లబట్టలూ ఈస్టు కావు. చేపవాసన వచ్చేది, పచ్చగా అయ్యేది వేరే, మందు వేరే. యాంటీబయాటిక్ వాడినా, కడుపుతో ఉన్నా ఈస్టు రావచ్చు. ఒక్కసారి వచ్చిందని షుగర్ అనుకోనక్కర్లేదు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరిగొస్తే మాత్రం రక్తపరీక్ష చేయించకుండా మళ్లీ అదే మాత్ర ఇవ్వడం తప్పు.

మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి, యోనిలో పెట్టే క్లోట్రిమజోల్ మాత్రలు కొన్ని రోజులు వాడింది. సబ్బు, డెటాల్ మానేసింది. చక్కెర దిగింది, దురద పోయింది. నాలుగు నెలలకి ఇంకొక చోట డపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కలిపారు. మూడు వారాల్లో దురద మళ్లీ మొదలు! ఈసారి రక్తంలో చక్కెర బాగానే ఉంది. ఆ మందు పని చేసేదే చక్కెరని మూత్రంలోకి తోసేసి. గుండెకి, మూత్రపిండాలకి మంచి మందే, కానీ పాత చరిత్ర అడిగి ఇవ్వాల్సింది. చిన్నమ్మ చెప్పలేదు, వాళ్లు అడగలేదు. డాక్టరమ్మ మార్చింది.

ముప్పై దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ ఉచితంగానే చూస్తారు. మా వాడలో ఆడవాళ్లు కూలి పోతుందని పోరు. మొన్న కాయలు వలిచే దగ్గర ఒకామె "వేడి చేసింది అక్కా, తెల్లబట్ట" అంటే చిన్నమ్మ చేతిలో కాయ ఆపకుండానే అడిగింది: "రాత్రి ఎన్నిసార్లు లేస్తాండావే?"