అరటిపండు లోపలికి, గ్లూకోజ్ మాత్రలు బయటికి

నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. 2024లో అయితే ఐదూ ఇరవైకి అయిపోయింది. ఆ ఏడాది నా హాల్ టికెట్ మీద మాత్రం సెంటర్‌కి పదకొండున్నరకి రమ్మని ఉంది. గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు. అందరూ మూడు గంటల ఇరవై నిమిషాల పరీక్ష అనుకున్నారు. నా ఒంటికి అది గేటు దాటిన నిమిషం నుంచే లెక్క, దగ్గర దగ్గర ఆరు గంటలు.

నాకు ఆరో తరగతి నుంచి టైప్ 1 షుగర్. ఆ పరీక్ష నాటికి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి 30/70 ఇన్సులిన్ వేసుకునేదాన్ని. అందులో 30 పాళ్లు త్వరగా పనిచేసేది, 70 పాళ్లు నెమ్మదిగా పనిచేసేది. ఆ నెమ్మది భాగం జోరందుకునేది నాలుగైదు గంటల తర్వాత. ఏడున్నరకి సూది వేసుకుంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, నాలుగు దాకా షుగర్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది. అందుకే ఈ రకం ఇన్సులిన్ వాడేవాళ్లు మధ్యాహ్నం అన్నం టైముకి తినాలి, నాలుగింటికి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. నీట్ టైము సరిగ్గా దీని మీదే వచ్చి కూర్చుంది.

పదకొండుకే గుంటూరులో సెంటర్ బయట చెట్టు కింద కూర్చుని అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తిన్నాను. అంత పొద్దున్నే ఆకలి ఎక్కడుంటుంది? సగమే దిగింది. మీటర్లో చూస్తే 168. నాన్న సంతోషించారు. నేనూ సంతోషించాను.

పరీక్ష పెట్టేవాళ్లు ఇచ్చిన సూచనల్లో షుగర్ ఉన్నవాళ్ల గురించి స్పష్టంగానే రాశారు. షుగర్ టాబ్లెట్లు, అరటి, ఆపిల్, నారింజ లాంటి పండ్లు, లోపలున్నది కనిపించే వాటర్ బాటిల్ తెచ్చుకోవచ్చు. ప్యాక్ చేసిన చాక్లెట్లు, క్యాండీలు, శాండ్‌విచ్‌లు తేకూడదు. ఆ పేజీ ప్రింటు తీసి, డాక్టరుగారి ఉత్తరంతో కలిపి పిన్ను కొట్టుకున్నాను. మాత్రలు మాత్రం మందుల షాపులో కొన్న గొట్టంలోనే ఉన్నాయి. దాని మీద నారింజ పండు బొమ్మ.

తనిఖీ చేసే ఆయన గొట్టం అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది చాక్లెట్టేగా అమ్మా, ప్యాక్ చేసినవి వద్దన్నారు” అన్నారు. ప్రింటు చూపించాను. ఆయన చదవలేదు. వెనక లైను పెరిగిపోతోంది. అరటిపండూ బాటిలూ నా చేతిలో పెట్టి గొట్టం నాన్నకి ఇచ్చేశారు. మీటరు ఎలాగూ ఎలక్ట్రానిక్ వస్తువు కాబట్టి దాని గురించి అడగనే లేదు. నేను వెనక్కి తిరిగేసరికి నాన్న గేటు బయట ఉన్నారు, గొట్టం చేతిలో.

హాల్లో ఇన్విజిలేటర్ మేడమ్ అరటిపండుని తన బల్ల మీద పెట్టించుకున్నారు. కావాలంటే చెయ్యెత్తమన్నారు. బాటిల్ నా కాళ్ల దగ్గర ఉంచుకున్నాను. ఓఎంఆర్ షీటు మీద ఒక చుక్క పడితే కథ ముగిసినట్టే, అందుకని బల్ల మీదికి తేలేదు.

మూడు దాటాక చెమట పట్టడం మొదలైంది. మే నెల, ఫ్యాను దూరంగా ఉంది, పక్క బెంచీ అమ్మాయికీ చెమటే. ఇక్కడే షుగర్ ఉన్నవాళ్లకి అసలు చిక్కు. షుగర్ పడిపోయినా, పరీక్ష భయమైనా గుండె ఒకేలా కొట్టుకుంటుంది, చేతులు ఒకేలా వణుకుతాయి. మీటరు ఉంటే వేలి మీద ఒక చుక్కతో తేలిపోయేది. 70 కంటే తక్కువ చూపిస్తే లో అయినట్టు, 54 కంటే తక్కువైతే ప్రమాదం దగ్గరపడినట్టు. మీటరు లేదు కాబట్టి నా గుర్తులే నాకు దిక్కు. పెదాల చుట్టూ తిమ్మిరి మొదలైంది. అది నాకు భయానికి ఎప్పుడూ రాదు. తర్వాత బయాలజీ ప్రశ్న ఒకటి చదివాను, నాలుగో ఆప్షన్‌కి వచ్చేసరికి ప్రశ్న ఏమిటో పోయింది. మళ్లీ చదివాను, మళ్లీ పోయింది. ఇక సందేహం లేదు.

చెయ్యెత్తాను. మేడమ్ అవతలి వరుసలో సంతకాలు పెట్టిస్తున్నారు. ఆవిడ చూసి వచ్చేదాకా చేసిన పని ఒకటే, పెన్ను కింద పెట్టేశాను. ఆ స్థితిలో వృత్తం నింపితే ఏ వరుసలో నింపుతామో తెలియదు, బాల్ పెన్ను చెరగదు. ఎనిమిదేళ్లుగా ఈ జబ్బుతో ఉన్నదాన్ని కాబట్టి ఆ పాటి జ్ఞానం మిగిలింది.

అరటిపండు తిన్నాను. గ్లూకోజ్ మాత్ర ఒక్కోదానిలో దాదాపు నాలుగు గ్రాములుంటాయి. నాలుగు నమిలితే పావుగంటలో షుగర్ లేస్తుంది. పండులో చక్కెర తక్కువేం కాదు గానీ, పీచుతో కలిసి ఉంటుంది కాబట్టి రక్తంలోకి నిదానంగా చేరుతుంది. చాక్లెట్టుకీ అదే తంటా, అందులోని కొవ్వు చక్కెరని ఆపుతుంది. కాబట్టి చాక్లెట్లు వద్దన్న నిబంధన మీద నాకు కోపం లేదు. సీబీఎస్‌ఈ వాళ్లు 2017లోనే పది, పన్నెండు తరగతుల టైప్ 1 పిల్లలకి చాక్లెట్టూ శాండ్‌విచ్చూ కూడా ఒప్పుకున్నారు. వాటికంటే నాకు ఆ గొట్టమే కావలసింది.

అరగంట పోయింది. చేతి వణుకు తగ్గినా తల వెంటనే తేటపడదు. షుగర్ మామూలు అయ్యాక కూడా మెదడు కొంతసేపు వెనకే నడుస్తుంది. ఫిజిక్స్‌ లెక్కలు చాలావరకు ముట్టుకోలేదు. బయటికొచ్చాక మీటర్లో 196. నాన్న అది చూసి “బాగానే ఉందిగా” అన్నారు. ఆ అంకె చూస్తే ఎవరైనా అలాగే అంటారు.

మరుసటి ఏడాది మా డాక్టరుగారు ముందే కూర్చోబెట్టి లెక్క వేశారు. షుగర్ 250 దగ్గర ఉంచుకుని వెళ్తే గొడవే ఉండదని బంధువులు సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. అంత ఉంటే దాహం, దాహానికి నీళ్లు, నీళ్లకి బాత్రూము. మొదటి గంటలో బయటికి పంపరని హాల్లో చెప్పేశారు కూడా. మందకొడితనం సరేసరి. 150, 180 మధ్య చాలన్నారు. పొద్దున డోసు 18 యూనిట్ల నుంచి 15కి తగ్గించారు.

2025 మే 4న టైము పదకొండే ఇచ్చినా నేను పన్నెండున్నర దాకా బయటే ఉన్నాను. గేటు ఒంటిగంటన్నర దాకా తెరిచే ఉంటుంది కదా. తినే ముందు చూస్తే 118. ఆకలి కూడా అయింది కాబట్టి కడుపునిండా తిని లోపలికెళ్లాను. మాత్రలు గొట్టంలోంచి తీసి మూత ఉన్న పారదర్శకమైన చిన్న డబ్బాలో వేసుకున్నాను. ముందురోజు నాన్నా నేనూ సెంటర్‌కి వెళ్లి, సూపరింటెండెంటు గారికి ఆ ప్రింటూ, మాత్రలూ చూపించి వచ్చాం. ఆయన గేటు దగ్గర మనిషికి చెప్పి ఉంచారు. ఈసారి డబ్బా మూత తీసి చూసి వదిలేశారు.

మూడుంబావుకి, ఏ గుర్తూ కనపడకముందే, డాక్టరుగారు చెప్పినట్టు రెండు మాత్రలు నమిలాను. ఐదింటికి బయటికొచ్చి చూస్తే 143. ఫిజిక్స్‌లో కొన్ని లెక్కలు మళ్లీ మిగిలిపోయాయి. వాటికి షుగర్‌ని అనడానికి లేదు, నాకు రావు.